స్టాప్ కొట్టాక అదే కాయిన్‌లోకి మళ్ళీ: కొత్త స్టాప్ ఎక్కడ?

ఒక క్రిప్టో కాయిన్‌లో స్టాప్ కొడితే, అంటే నష్టం ఆపడానికి ముందే పెట్టుకున్న ధర తాకి పొజిషన్ మూసుకుపోతే, 24 గంటల దాకా దాని చార్ట్ తెరవకూడదనే సలహా ట్రేడింగ్ చేసేవాళ్ళ మధ్య తరచుగా వినిపిస్తుంది. నా మిత్రుడొకడు దీన్ని వ్రతంలా పాటిస్తాడు. స్టాప్ కొట్టగానే ఆ కాయిన్‌ని వాచ్‌లిస్ట్‌లోంచి తీసేస్తాడు. కోపంలో ఉన్నప్పుడు వేలు బటన్ మీద ఉండకూడదన్నది అతని వాదన. మొన్న ఇదే విషయం మీద ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. తెగలేదు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ నిదానంగా చెప్తాను.

అతని నియమం చెడ్డదని నేననను. చాలామంది డబ్బు కాపాడే ఉంటుంది. కాకపోతే అది అడిగే ప్రశ్న "ఎంతసేపైంది?" అన్నది ఒక్కటే. కోపం గడియారం చూసుకుని దిగదు. మూడు రోజుల తర్వాత కూడా అదే కసితో అదే కాయిన్ కొనేవాళ్ళున్నారు. రెండోసారి ఎంట్రీకి నిజమైన కారణం రెండు క్యాండిల్స్‌లోనే తయారైపోవడమూ ఉంది. ఎంతసేపైందన్న లెక్క ఈ రెండింటినీ విడదీయలేదు.

విడదీసే ప్రశ్న ఇంకొకటుందని నా అభిప్రాయం: ఈసారి స్టాప్ ఎక్కడ పెడతావు? ఆ చోటు నువ్వు మొదటిసారి కొన్నప్పుడు చార్ట్ మీద ఉందా? రెండో సెటప్ నిజమైనదైతే దాని స్టాప్‌కి ఆధారం మొదటి ట్రేడ్ పోయాక పుట్టినదై ఉంటుంది. ఎమోషన్‌తో వేసేదైతే కొత్త స్టాప్‌కి ఆధారమే ఉండదు. పాతదాన్నే కాస్త కిందికి జరుపుతారు, లేదా జేబు ఎంత ఓర్చుకుంటుందో అంత దూరంలో పెడతారు. ఎంట్రీని ఎవరైనా అందంగా సమర్థించుకోగలరు. టార్గెట్ గురించి చెప్పడం ఇంకా తేలిక. స్టాప్ దగ్గరే మాట తడబడుతుంది.

మొదటి స్టాప్ దేనికి పెట్టారు

స్టాప్ కొట్టడం రెండు రకాలు. ఒకటి, అనుకున్నది తప్పని తేలిన చోట కొట్టడం. "ఈ రేంజ్ అడుగు నిలబడుతుంది" అని కొన్నారు, ఆ అడుగు కిందే స్టాప్ పెట్టారు, ధర అక్కడికి దిగింది. అంటే మీరు అనుకున్నది జరగలేదు. ఆ ఆలోచన అక్కడితో అయిపోయింది. రెండోది, అనుకున్నది ఇంకా నిలబడే ఉండగా స్టాప్ మాత్రం కొట్టడం. అడుగుకి పైనే, ధర మామూలుగా ఊగే పరిధిలోనే స్టాప్ పెట్టుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. అడుగు నిజానికి ఎక్కడో కింద ఉంటే, కళ్ళకి ఇంపుగా కనిపించే గుండ్రటి అంకె కింద పెట్టేసుంటారు.

ఫ్యూచర్స్‌లో దీనికి ఇంకో రూపం ఉంది. స్టాప్ ట్రిగ్గర్‌కి లాస్ట్ ప్రైస్ ఎంచుకుంటే, ఆ ఒక్క ఎక్స్చేంజ్‌లో ఎవరో పెద్ద మార్కెట్ ఆర్డర్ వేసి విక్ కిందికి లాగినా మీ పొజిషన్ పోతుంది. మార్క్ ప్రైస్‌ని సాధారణంగా పలు ఎక్స్చేంజ్‌ల స్పాట్ ధరల ఇండెక్స్ ఆధారంగా లెక్కిస్తారు కాబట్టి, అది ఎంచుకున్నవాళ్ళకి అలాంటి విక్ తగలకపోవచ్చు. అందుకే స్టాప్ కొట్టాక నేను ముందు అదే కాయిన్ స్పాట్ చార్ట్‌ని ఇంకో ఎక్స్చేంజ్‌లో తెరుస్తాను. అక్కడ కూడా ఆ స్థాయి తెగిందా, లేక తెగింది మా దగ్గర మాత్రమేనా అన్నది తెలుస్తుంది.

చిక్కేమిటంటే, స్టాప్ కొట్టిన ప్రతివాడికీ అది రెండో రకంగానే కనిపిస్తుంది. "నా ఆలోచన కరెక్టే, స్టాప్ దగ్గరగా పెట్టాను, అంతే." ఈ మాట నిజమయ్యే సందర్భాలున్నాయి. అబద్ధమైనప్పుడూ ఇదే మాట, ఇదే గొంతుతో వస్తుంది. తేల్చడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే: కొనకముందు "ఇది జరిగితే నేను తప్పు" అని ఒక్క వాక్యం రాసి ఉండాలి. రాసి ఉంటే అది జరిగిందో లేదో చూసుకోవచ్చు. రాయకపోతే, ఇప్పుడు పుట్టే వాక్యాన్ని నమ్మడానికి లేదు. అది నష్టం వచ్చాక కూర్చిన వాక్యం.

2021 జూలై 20, 21

బిట్‌కాయిన్‌లో జరిగిన ఒక ఘటన తీసుకుంటాను. ఎవరైనా డైలీ చార్ట్ తెరిచి సరిచూసుకోవచ్చు. ఎక్స్చేంజ్‌ని బట్టి అంకెలు కాస్త అటూఇటూ ఉంటాయి.

2021 మేలో పడ్డాక బిట్‌కాయిన్ రెండు నెలల పాటు దాదాపు 30 వేల డాలర్ల నుంచి 40 వేల మధ్య తిరిగింది. జూన్ 22న ఒకసారి 30 వేల కిందికి జారి, దాదాపు 28,800 దాకా వెళ్ళి, అదే రోజు 32 వేల పైన ముగిసింది. ఈ వివరం గుర్తుంచుకోండి. అందరూ 30 వేలే అడుగు అనుకుంటున్నారు కానీ చార్ట్ మీద అడుగు 28,800.

ఇప్పుడు ఒక ట్రేడర్ ఉన్నాడనుకుందాం. జూలై మధ్యలో 31,500 దగ్గర కొన్నాడు. ఒక ట్రేడ్‌లో 100 డాలర్లకి మించి పోగొట్టుకోకూడదన్నది అతని పద్ధతి. స్టాప్ 29,900 దగ్గర, అంటే 30 వేలకి కాస్త కింద. దూరం 1,600 డాలర్లు కాబట్టి సైజు 0.0625 బిట్‌కాయిన్. జూలై 20న ధర 30 వేలు తెంచుకుని దాదాపు 29,300 దాకా దిగింది, 29,800 దగ్గర ముగిసింది. ఇతని 100 డాలర్లు పోయాయి.

ఆ రోజు సాయంత్రం అతని ముందు ఏముంది? ధర 29,700. "నేను కొన్నదానికంటే 1,800 డాలర్లు చవక, 28,800 ఇంకా తెగలేదు, కొనేద్దాం" అన్న ఆలోచన రావడం సహజం. నిజం చెప్పాలంటే అప్పుడు కొన్నవాడికి పది రోజుల్లో బ్రహ్మాండమైన లాభం వచ్చింది. అయినా దాన్ని నేను సెటప్ అనను. ఎందుకంటే ఆ సమయానికి చార్ట్ చెప్పిన కొత్త సంగతి ఒక్కటే, 30 వేలు తెగిందని. అది కొనేవాడికి వ్యతిరేకంగా ఉన్న సంగతి. ఆ రోజు కనిష్ఠమే కనిష్ఠమని అప్పటికి ఎవరికీ తెలియదు, కాబట్టి దాని కింద స్టాప్ పెట్టినా దానికి బలం లేదు. 28,800 కింద పెడతానంటే అది ఒప్పుకోదగ్గ స్టాపే. కానీ అది జూన్ నుంచీ అక్కడే ఉంది. మొదటిసారి కొన్నప్పుడే పెట్టాల్సిన స్టాప్ అది. అంటే ఇది రెండో సెటప్ కాదు, మొదటి ట్రేడ్‌కి ఆలస్యంగా చేసిన మరమ్మతు.

మర్నాడు, జూలై 21న, ధర దాదాపు 32,100 దగ్గర ముగిసింది. 30 వేల పైకి రావడమే కాదు, అతన్ని బయటికి నెట్టిన 20వ తేదీ క్యాండిల్ గరిష్ఠం (దాదాపు 31 వేలు) కూడా దాటి ముగిసింది. ఇప్పుడు పరిస్థితి మారింది. 30 వేల కింద స్టాప్‌లు కొట్టించుకున్నవాళ్ళు బయట ఉన్నారు. అక్కడ తెగింది కదా అని షార్ట్ వేసినవాళ్ళు నష్టంలో ఉన్నారు. వాళ్ళు బయటపడాలంటే కొనాలి. అంటే కొత్త ఆలోచన "రేంజ్ అడుగు నిలబడుతుంది" అన్నది కాదు. "30 వేల కింద అమ్మినవాళ్ళు ఇరుక్కున్నారు" అన్నది. ఈ ఆలోచన తప్పని తేలే చోటు కూడా వేరే: 29,300 కింద. ధర మళ్ళీ అక్కడికి దిగితే ఎవరూ ఇరుక్కోలేదన్నమాట. జూలై 15న కొన్నప్పుడు ఆ 29,300 అనే స్థాయి పుట్టనే లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 32,100 దగ్గర కొని 29,200 దగ్గర స్టాప్ పెడితే దూరం 2,900. మొదటిసారి కొన్నదానికంటే ధర ఎక్కువ, స్టాప్ దూరం, కాబట్టి సైజు తక్కువ. రెండోసారికి సగం రిస్కే, అంటే 50 డాలర్లే పెట్టాడనుకుంటే సైజు సుమారు 0.017 బిట్‌కాయిన్. జూలై 26న ధర 40 వేలు తాకింది. అక్కడ అమ్మితే దాదాపు 136 డాలర్లు. మొదటి 100 పోగా ఫీజులు లెక్కేయకుండా మిగిలేది 36 డాలర్లు.

ఈ 36 డాలర్ల దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఒక పాఠ్యపుస్తకంలో వేసుకోదగ్గ రీఎంట్రీ, ధర 25 శాతం దాకా పెరిగిన వారం, చివరికి చేతికొచ్చింది ఇంత. మొదటిసారే స్టాప్ 28,700 దగ్గర పెట్టుకుని, దానికి తగ్గట్టు సైజు తగ్గించి కొనుంటే అదే 100 డాలర్ల రిస్క్‌కి 300 పైన వచ్చేది. రీఎంట్రీ నేర్చుకుంటే పోయినదంతా తిరిగొస్తుందనుకునేవాళ్ళు ఈ తేడా గమనించాలి. డబ్బు ఎక్కువగా మొదటి స్టాప్ దగ్గరే ఉంది.

అదే రూపం, వేరే ముగింపు

ఒక్క ఉదాహరణతో ఏదైనా నిరూపించొచ్చు కాబట్టి దీనికి ఎదురుగా ఇంకొకటి. 2022 జూన్‌లో బిట్‌కాయిన్ దాదాపు 17,600 దాకా పడి లేచింది. అదే ఆ ఏడాది అడుగని చాలామంది నమ్మారు. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్చేంజ్ కూలినప్పుడు ఆ అడుగు తెగింది. నవంబర్ 9న ధర 16 వేల కింద ముగిసింది. మర్నాడు ఒక్క రోజులో 17,500 పైకి లేచింది. జూలై 2021 చూసినవాడికి ఇది అచ్చం అదే. తెగింది, వెంటనే లేచింది.

కానీ జూలై 21న చూసిన కొలతలు రెండూ, అంటే ధర తెగిన స్థాయి పైన ముగిసిందా, పడేసిన క్యాండిల్ గరిష్ఠం దాటి ముగిసిందా అన్నవి, పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ రోజు ముగింపు పాత అడుగైన 17,600 దగ్గరే ఆగింది, దాన్ని స్పష్టంగా దాటలేదు. పడేసిన 9వ తేదీ క్యాండిల్ గరిష్ఠం 18,500 పైన ఉంది, దాని దరిదాపుల్లోకి కూడా ముగింపు రాలేదు. అంటే 17,600 తెగిన చోట అమ్మినవాడెవడూ ఇంకా ఇబ్బందిలో పడలేదు. తర్వాత ధర 16 వేల చుట్టూ తిరిగి, నవంబర్ 21న 15,500 దాకా దిగి, 9వ తేదీ కనిష్ఠాన్ని కూడా తెంచింది.

ఈ రెండు కొలతలు ఎప్పుడూ పనిచేస్తాయని చెప్పను. పడేసిన క్యాండిల్ మరీ పెద్దదైతే దాని గరిష్ఠం దాటేసరికి కదలిక సగం అయిపోతుంది, స్టాప్ భరించలేనంత దూరమవుతుంది. చిన్న కాయిన్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు వదిలేయడమే నయమని నేననుకుంటాను. లాభం వచ్చే కదలికలన్నీ మనం ఎక్కాల్సినవేం కావు.

టైమ్‌ఫ్రేమ్ జారడం

ఎమోషన్‌ని మనసులో వెతకడం వృథా అని నాకనిపిస్తుంది. "నేను ప్రశాంతంగా ఉన్నానా?" అని అడిగితే మనసు ఉన్నాననే అంటుంది. ఆర్డర్ హిస్టరీలో వెతికితే దొరుకుతుంది.

ఒక కుర్రాడు తన ట్రేడ్లు చూపించి, ఎక్కడ తేడా వస్తోందో చెప్పమన్నాడు. తను రివెంజ్ ట్రేడింగ్ చేయననీ, ప్రతి రీఎంట్రీకీ చార్ట్ మీద కారణం ఉందనీ ముందే చెప్పాడు. నిజంగానే ఉంది. ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ ఉంది, గీతలున్నాయి. కానీ మొదటి ఎంట్రీల స్క్రీన్‌షాట్లన్నీ నాలుగు గంటల చార్ట్‌వి. స్టాప్ కొట్టాక వేసిన ఎంట్రీలవి ఐదు నిమిషాల చార్ట్‌వి. అతను గమనించలేదు. నేను చూపించాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత "స్టాప్ దగ్గరగా పెట్టుకుందామని అలా చూశానండీ" అన్నాడు.

దీన్నే నేను టైమ్‌ఫ్రేమ్ జారడం అంటాను. ఐదు నిమిషాల చార్ట్‌లో ఎప్పుడూ ఏదో ఒక సెటప్ ఉంటుంది. గంటకి పన్నెండు క్యాండిల్స్, వాటిలో ఏదో ఒకటి స్థాయిని తిరిగి గెలిచినట్టే కనిపిస్తుంది. నాలుగు గంటల చార్ట్ మీద తెగిన స్థాయిని ఐదు నిమిషాల చార్ట్ మీద గెలవడం గెలుపు కాదు. ఏ చార్ట్ మీద ఆలోచన పుట్టిందో ఆ చార్ట్ మీదే క్యాండిల్ ముగియాలి. మొదటి ఎంట్రీ డైలీ చార్ట్ చూసి వేసుంటే, రీఎంట్రీకి 00:00 UTC దాకా ఆగాల్సిందే. మిత్రుడి 24 గంటల నియమంలో ఏదైనా నిజం ఉంటే అది ఇక్కడుందనుకుంటాను. డైలీ ట్రేడర్‌కి అది యాదృచ్ఛికంగా సరిపోతుంది. పావుగంట చార్ట్ చూసేవాడికి ఏ సంబంధమూ లేదు.

ఆ కుర్రాడు చెప్పిన కారణంలో ఇంకో ఉచ్చు ఉంది. స్టాప్ దగ్గరైతే రిస్క్ తక్కువనుకుంటాం. ఫీజు లెక్క చూస్తే అలా ఉండదు. మార్కెట్ ఆర్డర్‌కి 0.05 శాతం ఫీజనుకుందాం. కొనడానికీ అమ్మడానికీ కలిపి 0.1 శాతం. స్టాప్ 5 శాతం దూరంలో ఉంటే ఫీజు మన రిస్క్‌లో యాభయ్యో వంతు, పట్టించుకోనక్కర్లేదు. స్టాప్ అర శాతం దూరంలో పెట్టి, అదే 100 డాలర్ల రిస్క్‌కి సైజు పెంచితే, ఫీజు 20 డాలర్లవుతుంది. అంటే స్టాప్ కొట్టినప్పుడల్లా 100 కాదు, 120 పోతాయి. స్లిప్పేజ్ అదనం. వరసగా మూడుసార్లు కొడితే కాయిన్ పెద్దగా కదలకుండానే 360 డాలర్లు పోతాయి.

పైన కొనలేకపోవడం కూడా ఎమోషనే

ఇప్పటిదాకా చదివి, ఎమోషన్ అంటే తొందరపడి కొనడమే అనుకుంటే సగమే చూసినట్టు. 2011లో మిఖాల్ స్ట్రాహిలెవిట్జ్, టెరాన్స్ ఒడీన్, బ్రాడ్ బార్బర్ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. అది షేర్ల గురించే, కాయిన్ల గురించి కాదు. వాళ్ళు చూసిందేమిటంటే, చిన్న మదుపరులు నష్టానికి అమ్మిన షేరుని మళ్ళీ కొనడానికి వెనకాడతారు. అమ్మిన తర్వాత ధర పెరిగిన షేరుని కొనడానికి కూడా వెనకాడతారు.

మొదట చదివినప్పుడు ఇది నా చుట్టూ కనిపించేదానికి పూర్తిగా వ్యతిరేకమనిపించింది. స్టాప్ కొట్టిన నిమిషంలో తిరిగి కొనేవాళ్ళనే నేను చూశాను. తర్వాత ఆలోచిస్తే రెండూ ఒకటే అనిపించింది. రెండు చోట్లా మనిషి చూస్తున్నది చార్ట్‌ని కాదు, తను అమ్మిన ధరని. ధర దాని కింద ఉన్నంతసేపూ కొనడం తేలిక, "చవకగా తిరిగి ఎక్కాను" అని సర్దిచెప్పుకోవచ్చు. దాన్ని దాటిపోయాక కొనడమంటే తను మూర్ఖంగా అమ్మానని ఒప్పుకోవడం. జూలై 2021లో 20న 29,700 దగ్గర కొనడానికి చేతులు దురద పెట్టినవాడే 21న 32,100 దగ్గర కొనలేడు. సరైన ఎంట్రీ అతనికి అవమానంలా కనిపిస్తుంది.

దీన్నిబట్టి నాకు ఒక అనుమానం గట్టిపడింది. నిజమైన రెండో సెటప్ సాధారణంగా అసౌకర్యంగా ఉంటుంది. ధర ఎక్కువ, స్టాప్ దూరం, సైజు చిన్నది, పోయిన డబ్బు పూర్తిగా తిరిగిరాదు. ఎమోషన్‌తో వేసేది సుఖంగా ఉంటుంది. ధర తక్కువ, స్టాప్ దగ్గర, సైజు పెద్దది, ఒక్క దెబ్బతో లెక్క సరి. అసౌకర్యంగా ఉన్న ప్రతిదీ సరైన ట్రేడ్ కాదు, అది వేరే సంగతి. కానీ రీఎంట్రీ మరీ హాయిగా అనిపిస్తుంటే నేను ఒకసారి ఆగుతాను.

సైజు గురించి కొంచెం

నష్టంలో ఉన్న మనిషి, ఆ నష్టంతో రాజీపడేదాకా, మామూలుగా ఒప్పుకోని జూదాలు ఒప్పుకుంటాడని కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసేవాళ్ళని చూసి, పొద్దున నష్టపోయినవాళ్ళు మధ్యాహ్నం ఎక్కువ రిస్క్ తీసుకుంటున్నారని కోవల్, షమ్‌వే 2005లో చూపించారు. వృత్తిగా చేసేవాళ్ళ పరిస్థితే అది.

అందుకే సైజుని స్టాప్ కొట్టాక నిర్ణయించకూడదంటాను. ఒక ఆలోచన మీద మొత్తం ఎంత పోగొట్టుకోవచ్చో మొదటి ఎంట్రీకి ముందే ఖరారు కావాలి. నా పద్ధతి, మొదటిదానికి ఒక వంతు, రెండోదానికి అరవంతు, అంతటితో సరి. అరవంతే ఎందుకని అడుగుతారు. రెండు ఎంట్రీలూ వేర్వేరు పందాలు కావు. ఒకే కాయిన్, ఒకే దిశ, ఒకే వారం. మొత్తం మార్కెట్ పడుతుంటే రెండూ కలిసే పోతాయి. అయినా మొదటిది ఓడిపోయిందంటే ఆ కాయిన్ గురించి నా అంచనాలో ఏదో తేడా ఉందని అర్థం. ఆ తేడా విలువ ఆ అరవంతు.

దీనికొక బలమైన ఎదురువాదం ఉంది. రెండో సెటప్ మొదటిదానికంటే మెరుగ్గా ఉందని నేనే అంటున్నాను కదా, మరి మెరుగైనదానికి తక్కువ డబ్బు పెట్టడమేమిటి? జూలై 2021లో రెండోసారి కూడా పూర్తి 100 పెట్టుంటే 36 బదులు 170 మిగిలేది. లెక్క ప్రకారం ఈ వాదనకి నా దగ్గర సరైన జవాబు లేదు. నా జవాబు మనుషుల గురించి. స్టాప్ కొట్టించుకున్నవాడు "ఇది మెరుగైన సెటప్" అని చెప్పినప్పుడు ఆ మాటని సగమే నమ్మాలి, ఆ మనిషి నేనైనా సరే.

చార్ట్ పనికిరాని చోటు

పైన చెప్పినదంతా ధర పడటానికి కారణం ట్రేడర్లే అయినప్పటి సంగతి. కాయిన్ లోపలే ఏదైనా విరిగితే ఇదేదీ వర్తించదు. 2022 మే మొదట్లో లూనా 80 డాలర్ల పైన ఉంది. నెల మధ్యకి ఒక సెంటులో చిన్న ముక్క. మధ్య మధ్యలో గట్టి బౌన్స్‌లు వచ్చాయి, ప్రతిసారీ ఎక్కినవాళ్ళున్నారు. అయితే అక్కడ ఒక డాలరు విలువ గల లూనా ఇచ్చి, డాలరుతో సమానంగా ఉండాల్సిన యూఎస్‌టీ అనే కాయిన్‌ని ఒకటి వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండేది. యూఎస్‌టీ డాలరు కిందికి జారాక అందరూ దాన్ని ఇచ్చేసి లూనా తీసుకుని అమ్ముకున్నారు. ధర పడేకొద్దీ ఒక్కో యూఎస్‌టీకి ఇంకా ఎక్కువ లూనా పుట్టేది. దాదాపు 35 కోట్లున్న కాయిన్లు రోజుల్లో 6.5 లక్షల కోట్లయ్యాయి. నిన్నటి కనిష్ఠం అన్న మాటకి అక్కడ అర్థం లేదు, ఎందుకంటే నిన్నటి కాయిన్, ఇవాళ్టి కాయిన్ ఒకటి కావు.

అందుకని స్టాప్ కొట్టాక రెండోసారి చార్ట్ చూసేముందు, పడింది ఈ కాయిన్ ఒక్కటేనా, బిట్‌కాయిన్‌తో కలిసి అన్నీ పడ్డాయా అని చూడాలి. అన్నీ పడి, ఇది మామూలుగానే పడితే రీఎంట్రీ గురించి ఆలోచించొచ్చు. మిగతావి నిలబడి ఇదొక్కటే పడితే, కారణం తెలిసేదాకా నాకు సంబంధించినంతవరకు ఆ కాయిన్ లేదు. ఇక్కడ మాత్రం మిత్రుడి వాచ్‌లిస్ట్ పద్ధతే నాదీ.

మూడోసారి సంగతి

రెండుసార్లతో సరి అన్నాను. దీని మీదే నాకు ఎక్కువ అనుమానాలున్నాయి. 2022 నవంబర్‌లో రెండుసార్లు స్టాప్ కొట్టించుకుని వదిలేసినవాడు, జనవరిలో బిట్‌కాయిన్ 23 వేలకి చేరుతుంటే చూస్తూ కూర్చోవాలా?

అక్కర్లేదంటాను, కానీ దాన్ని మూడోసారి అని లెక్కపెట్టకూడదు. కొత్త ఆలోచన ఎప్పుడు మొదలవుతుందంటే, మీరు బయటికొచ్చాక ఒక కొత్త రేంజ్ ఏర్పడి, దాని పై అంచు, కింది అంచు రెండూ మీ చివరి స్టాప్ తర్వాతే పుట్టినప్పుడు. నవంబర్ 21న 15,500 కింది అంచయింది. డిసెంబర్ మధ్యలో ధర 18,400 దగ్గర తగిలి వెనక్కి తిరిగింది, అది పై అంచు. మధ్యలో పండగ రోజుల్లో ధర ఎటూ కదలక అందరికీ విసుగు పుట్టించింది. జనవరి 12న రోజు 18,400 పైన ముగిసింది, రెండు రోజుల్లో 21 వేలకి వెళ్ళింది. జూన్ నాటి 17,600తో గానీ, నవంబర్‌లో పోయిన డబ్బుతో గానీ ఈ ఎంట్రీకి పనిలేదు. దానికి సొంత స్టాప్ ఉంది, పూర్తి ఒక వంతు రిస్క్ కూడా దానికి ఇవ్వొచ్చు. మిత్రుడు దీనికీ ఒప్పుకోలేదు. రెండు నెలలు ఆగి కొన్నా పాత కసి పాత కసే అంటాడు. అతని ఆర్డర్ హిస్టరీ చూపించమన్నాను, ఇంకా చూపించలేదు.